మెత్తటి మట్టిలో లోతైన గొయ్యి: కంప్యూటర్ లెక్క, చేతిలెక్క

నగరం నడుమ భూగర్భ రైలు స్టేషన్ కోసం నిలువుగా గొయ్యి తవ్వేటప్పుడు ముందుగా రెండు వైపులా లోతైన కాంక్రీటు గోడలు దింపుతారు. వీటినే డయాఫ్రం గోడలంటారు. ఆ తర్వాత మధ్యలోని మట్టిని అంచెలంచెలుగా తీస్తూ, ఒక గోడ నుంచి ఎదుటి గోడకు ఉక్కు స్ట్రట్లు బిగిస్తూ కిందికి దిగుతారు. లోపలి మట్టి పోయినకొద్దీ బయటి మట్టీ నీరూ గోడను లోపలికి నెడతాయి. పైనున్న బరువు తగ్గడంతో గొయ్యి అడుగు పైకి ఉబ్బుతుంది. గోడ వెనకాల రోడ్డు, పునాదులు, పైపులు కుంగుతాయి. గోడ ఎంత వంగుతుంది, అందులో ఎంత వంపు బలం పుడుతుంది, ఒక్కో స్ట్రట్ మీద ఎంత భారం పడుతుంది, పక్క భవనం ఎంత దిగుతుంది అన్నవి తవ్వకం మొదలుకాక ముందే ఇంజినీరు చెప్పాల్సిన సంగతులు.

ఈ నాలుగూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. గోడ కదిలితే మట్టి ఒత్తిడి మారుతుంది, ఒత్తిడి మారితే స్ట్రట్ మీది భారం మారుతుంది, భారం మారితే గోడ కదలిక మళ్లీ మారుతుంది. ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి ఈ చిక్కుముడిని మొత్తంగా ఒకేసారి విప్పుతుంది. గొయ్యినీ చుట్టూ ఉన్న నేలనూ నిలువుగా కోసిన ఒక పొరగా తీసుకుని, దాన్ని వేలాది చిన్న ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్కలోనూ బలాలు సమతూకంలో ఉండేలా కదలికలను కనిపెడుతుంది. లెక్క కట్టేది కంప్యూటరే. అయితే మట్టి ఎలా ప్రవర్తిస్తుందో, ముక్కలు ఎంత చిన్నవో, తవ్వకం ఏ వరుసలో సాగుతుందో చెప్పేది మనిషి. ఈ మూడింటిలో ఒకటి తప్పినా తెర మీద రంగురంగుల బొమ్మ చక్కగానే వస్తుంది.

2004 ఏప్రిల్ 20న సింగపూర్‌లోని నికల్ హైవే పక్కన సర్కిల్ లైన్ మెట్రో కోసం తవ్వుతున్న గొయ్యి కూలి నలుగురు చనిపోయారు. దాదాపు 33 మీటర్ల లోతుకు చేరాల్సిన ఆ తవ్వకం అప్పటికి 30 మీటర్లు దాటింది. అక్కడి నేల మెత్తటి సముద్రపు బంకమట్టి. గోడ మందం 0.8 మీటరు. తొమ్మిది వరుసల స్ట్రట్లు బిగించి, పదో వరుస కోసం తవ్వుతుండగా కూలిపోయింది. విచారణ సంఘం ఎత్తిచూపిన డిజైన్ లోపాల్లో రెండు ముఖ్యమైనవి. ఒకటి కంప్యూటర్ విశ్లేషణలో మట్టి బలాన్ని ఇచ్చిన తీరు. రెండోది స్ట్రట్ వచ్చి గోడకు ఆనే చోట ఉక్కు అతుకు. మొదటిది ఫైనైట్ ఎలిమెంట్ మోడల్ లోపల దాగిన తప్పు. రెండోది ఆ మోడల్‌లోకి ఎన్నడూ రాని విషయం. చేతిలెక్క రెంటినీ పట్టుకోగలదు.

మొదటిదాన్ని అర్థం చేసుకోవాలంటే మెత్తటి బంకమట్టి స్వభావం తెలియాలి. అందులో నీరు కదలడం చాలా నిదానం. తవ్వకం వారాల్లో, నెలల్లో సాగుతుంది. మట్టిలోంచి నీరు పోవడానికి ఏళ్లు పట్టవచ్చు. కాబట్టి తవ్వకం జరుగుతున్నంతసేపు నీరు బయటికి పోదు, మట్టి ఘనపరిమాణం మారదు అనుకుని లెక్క వేస్తారు. ఆ స్థితిలో మట్టి తట్టుకోగల అత్యధిక కోత ఒత్తిడిని అన్‌డ్రెయిన్డ్ కోత బలం అంటారు, su అని రాస్తారు. బోరు గోతిలో వేన్ పరీక్ష చేసిగానీ, ప్రయోగశాలలో నమూనా పరీక్షించిగానీ దీన్ని నేరుగా కొలవవచ్చు. తన మీదున్న బరువుకే కుదురుకుని, అంతకు మించిన బరువును ఎన్నడూ మోయని మెత్తటి సముద్రపు బంకమట్టిలో ఈ బలం, ఆ లోతులో మట్టి రేణువుల మధ్య ఉండే నిలువు ఒత్తిడిలో సుమారు 0.21 వంతు వస్తుంది.

ఆ రేణువుల మధ్య ఒత్తిడిని ఎఫెక్టివ్ ఒత్తిడి అంటారు. మొత్తం ఒత్తిడిలోంచి నీటి ఒత్తిడిని తీసేస్తే మిగిలేది అదే. ఘనమీటరు మట్టి బరువు 16 కిలోన్యూటన్లు, నీటి మట్టం నేల పైనే ఉంది అనుకుంటే, 20 మీటర్ల లోతున మొత్తం ఒత్తిడి 320 కిలోపాస్కల్, నీటి ఒత్తిడి 200, ఎఫెక్టివ్ ఒత్తిడి 120. పది కిలోపాస్కల్ అంటే చదరపు మీటరు మీద సుమారు ఒక టన్ను బరువు. ఆ లోతున మట్టి కోత బలం 120లో 0.21 వంతు, అంటే 25 కిలోపాస్కల్.

ఇదే బలాన్ని సాఫ్ట్‌వేర్‌కు రెండు దారుల్లో ఇవ్వవచ్చు. కొలిచిన su విలువను లోతును బట్టి పెరిగేలా నేరుగా ఇవ్వడం ఒక దారి. నికల్ హైవే విచారణ తర్వాత దీనికి ‘మెథడ్ బి’ అన్న పేరు స్థిరపడింది. రెండో దారిలో మట్టి రేణువుల మధ్య రాపిడి కోణాన్ని ఇచ్చి, నీరు పోని స్థితి అని గుర్తు పెట్టి, బలం ఎంతో సాఫ్ట్‌వేర్‌నే తేల్చుకోమనడం ‘మెథడ్ ఎ’. వినడానికి రెండోదే శాస్త్రీయంగా అనిపిస్తుంది, ఎందుకంటే మట్టి బలానికి అసలు మూలం రాపిడే. నికల్ హైవే డిజైన్‌లో ఈ రెండో దారినే, మోర్-కూలంబ్ అనే సరళమైన మట్టి మోడల్‌తో కలిపి వాడారు.

చిక్కు ఆ కలయికలో ఉంది. మోర్-కూలంబ్ మోడల్‌లో మట్టి విరిగే దాకా అది స్థితిస్థాపక పదార్థం. నీరు పోని స్థితిలో దాన్ని కోత పెడితే రేణువుల మధ్య సగటు ఒత్తిడి మారకుండా ఉండిపోతుంది. నిజమైన మెత్తటి బంకమట్టి అలా ఉండదు. కోతకు లోనైతే అది కుదించుకుపోవాలని చూస్తుంది. నీరు బయటికి పోలేదు గనుక కుదించుకోలేదు. ఆ బరువంతా నీటి మీద పడి నీటి ఒత్తిడి పెరుగుతుంది, రేణువుల మధ్య ఒత్తిడి తగ్గుతుంది. రాపిడి ఆ తగ్గిన ఒత్తిడి మీదే ఆధారపడుతుంది కాబట్టి మట్టి ముందే లొంగిపోతుంది. మోడల్‌లో ఈ తగ్గుదల లేదు. అందుకే అది లేని బలాన్ని మట్టికి అంటగడుతుంది.

ఎంత బలాన్ని అంటగడుతుందో కాగితం మీద రెండు వరుసల్లో తేలుతుంది. రాపిడి కోణం 24 డిగ్రీలనుకుంటే, నిశ్చల స్థితిలో అడ్డ ఒత్తిడి నిలువు ఒత్తిడిలో 0.593 వంతు. మోడల్ ఇచ్చే బలం ఈ కింది సూత్రం ప్రకారం వస్తుంది.

```
K0 = 1 − sin φ' = 1 − 0.407 = 0.593
su = σ'v × (1 + K0)/2 × sin φ'
   = 120 × 0.797 × 0.407 ≈ 39 kPa
```

కొలిచిన బలం 25. మోడల్ అనుకున్న బలం 39. అంటే ఒకటిన్నర రెట్లు. ఈ లెక్కకు అయిదు నిమిషాలు చాలు, కాలిక్యులేటర్ చాలు. సాఫ్ట్‌వేర్‌లో కూడా దీన్ని పట్టుకునే మార్గం ఉంది. మొత్తం గొయ్యి మోడల్ వేసే ముందు ఒకే ఒక్క ముక్క మట్టిని తీసుకుని, ప్రయోగశాల పరీక్షను తెర మీద నడిపించి, ఏ ఒత్తిడి దగ్గర విరిగిందో చూసి, అసలు పరీక్ష ఫలితం పక్కన పెట్టాలి. రెండూ కలవకపోతే ఆ మోడల్‌తో ముందుకు వెళ్లకూడదు. నికల్ హైవే విషయంలో మెథడ్ ఎ వల్ల గోడ కదలికలూ వంపు బలాలూ ఉండాల్సినదాంట్లో దాదాపు సగంగానే లెక్కకు వచ్చాయని తర్వాత జరిగిన విశ్లేషణలు చూపాయి.

అయితే మెథడ్ బి కూడా సర్వరోగనివారిణి కాదు. అందులో బలం ముందే కట్టేసిన అంకె. పని ఆగి మట్టిలోంచి కొంత నీరు పోతే బలం మారుతుందన్న సంగతి దానికి తెలియదు. గొయ్యి అడుగున మట్టి పైకి సాగుతుంది, గోడ వెనకాల మట్టి కిందికి నలుగుతుంది. ఈ రెండు దిశల్లో బంకమట్టి బలం ఒకటి కాదు, అడుగున తక్కువ. కాబట్టి ఇచ్చే su ఏ పరీక్ష నుంచి వచ్చిందో అడిగి తెలుసుకోవాలి. మట్టి నమూనాను పైనుంచి నలిపి కొలిచిన బలాన్నే అన్ని చోట్లా ఇస్తే, పేరు మెథడ్ బి అయినా బలం ఎక్కువగానే లెక్కకు వస్తుంది.

బలం తర్వాత గట్టితనం. తవ్వకంలో ఎక్కువ మట్టి బరువు దిగి తేలికపడుతుంది. మట్టి బరువు ఎక్కించినప్పటికంటే దించినప్పుడు చాలా గట్టిగా ఉంటుంది. సుమారు మూడు రెట్లు గట్టి అని తరచూ మొదటి అంచనాగా తీసుకుంటారు. మోర్-కూలంబ్ మోడల్‌కు ఒకే గట్టితనం తెలుసు. దానితో లెక్కిస్తే అడుగు నిజంగా ఉబ్బేదానికంటే చాలా ఎక్కువగా ఉబ్బుతుంది. అంతకంటే వింతగా, ఒక్కోసారి గోడ వెనకాల నేల కుంగే బదులు గోడతో పాటు పైకి లేస్తుంది. తెర మీద రోడ్డు పైకి లేచినట్టు కనిపిస్తే ఆ మోడల్‌ను పక్క భవనాల కుంగుబాటుకు వాడకూడదనడానికి అదే గుర్తు. ఎక్కింపు, దింపు గట్టితనాలను వేరువేరుగా తీసుకునే హార్డెనింగ్ సాయిల్ వంటి మోడల్ అక్కడ మేలు. కానీ అందులోనూ రాపిడి కోణం ఇచ్చి వదిలేస్తే నీరు పోని బలం మోడల్ లోపల పుట్టే ఫలితమే అవుతుంది. అది కొలిచిన బలంతో కలుస్తోందో లేదో ఒక్క ముక్క పరీక్షతో చూడక తప్పదు. కాకినాడ, విశాఖ రేవుల దగ్గరి మెత్తటి సముద్రపు మట్టికీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. గట్టి మొరం, రాయి మీద ఉన్న హైదరాబాద్ సెల్లార్ తవ్వకాల్లో మాత్రం ఈ చిక్కు ఉండదు. అక్కడ రాతి పగుళ్లు, వాటిలోని నీరు అసలు ప్రశ్నలు.

మెష్ విషయం ఇంత లోతైనది కాదు గానీ తప్పుకు దారి ఇస్తుంది. నీరు పోని మట్టి ఘనపరిమాణం మార్చుకోదు. ఆ షరతును తక్కువ బిందువులున్న ముక్కల మీద రుద్దితే అవి బిగుసుకుపోతాయి. రెండే కీళ్లున్న మడత కొలబద్ద గుండ్రటి స్తంభం చుట్టూ ఒంగలేనట్టు, ఆ ముక్కలు కూలే మట్టి ఆకారాన్ని చూపలేవు. ఫలితంగా గొయ్యి ఉన్నదానికంటే పటిష్ఠంగా కనబడుతుంది. అందుకే ఇలాంటి లెక్కలకు ఆరు బిందువుల త్రిభుజం కంటే పదిహేను బిందువుల త్రిభుజాన్ని ఎంచుకుంటారు. గోడ కొన దగ్గర, గొయ్యి అడుగున, స్ట్రట్ల వెంట ముక్కలు చిన్నవిగా ఉండాలి, దూరం వెళ్లేకొద్దీ పెద్దవి కావచ్చు. మోడల్ అంచులు గోడ నుంచి గొయ్యి లోతుకు కనీసం మూడు నాలుగు రెట్ల దూరంలో ఉండాలి. లేకపోతే కదలని ఆ అంచులు మట్టిని పట్టి ఆపుతాయి. గోడకూ మట్టికీ మధ్య జారుడు పొరగా ఇంటర్‌ఫేస్ ముక్కలు పెట్టకపోతే మట్టి గోడకు అతుక్కుని దాన్ని మోస్తున్నట్టు లెక్క వస్తుంది. మెష్ సరిపోయిందా లేదా అనడానికి నమ్మదగిన పరీక్ష ఒకటే. ముక్కల సంఖ్యను రెట్టింపు చేసి మళ్లీ నడపాలి. గోడ కదలిక కొద్ది శాతానికి మించి మారితే మొదటి మెష్ చాలలేదన్నమాట.

తవ్వకం దశలను మోడల్‌లోకి తేవడంలో కంప్యూటర్ పరిజ్ఞానం కంటే పని జరిగే చోటి గురించిన ఎరుక ఎక్కువ కావాలి. ముందుగా తవ్వకానికి పూర్వపు స్థితి. ఇక్కడే తొలి చేతిలెక్క పనికొస్తుంది. 20 మీటర్ల లోతున తెర మీద మొత్తం ఒత్తిడి 320, నీటి ఒత్తిడి 200 రాకపోతే నీటి మట్టమో, మట్టి బరువో తప్పుగా పడింది. ఆపైన గోడ, తర్వాత తొలి తవ్వకం, తొలి స్ట్రట్, దానిలో ముందుగా జాకీతో ఎక్కించే బలం, మళ్లీ తవ్వకం, ఇలా సాగుతుంది. ప్రతి తవ్వకం స్ట్రట్ మట్టంతో ఆగదు. స్ట్రట్ బిగించే మనుషులకూ, ఎక్స్‌కవేటర్‌కూ చోటు కావాలి కాబట్టి అర మీటరో మీటరో కిందికి పోతుంది. మోడల్‌లో ఆ మీటరు వదిలేస్తే గోడ ఒక్కసారి కూడా అనుభవించని సౌఖ్యాన్ని లెక్క చూపుతుంది. పైగా ఒక దశలో కదిలిన గోడ తర్వాతి దశలో వెనక్కి రాదు, ప్రతి పొరపాటూ కిందికి దిగేకొద్దీ పేరుకుంటుంది.

నికల్ హైవేలో గొయ్యి అడుగుకు బలంగా రెండు మట్టాల్లో మట్టిని సిమెంటు గ్రౌట్‌తో గట్టిపరిచి పలకలుగా చేశారు. పై పలక తాత్కాలికం. పదో వరుస స్ట్రట్ బిగించాలంటే దాన్ని తవ్వి తీయాలి. తీసే వరకు అది నేల లోపలి స్ట్రట్‌లా పనిచేస్తుంది. తీసిన వెంటనే దాని భారం పైనున్న తొమ్మిదో వరుస మీదికి మారుతుంది. అత్యంత ప్రమాదకరమైన క్షణం గొయ్యి పూర్తి లోతుకు చేరినప్పుడు కాదు, ఒక ఆధారం పోయి మరొకటి ఇంకా రాని ఈ మధ్యకాలంలోనే వస్తుంది. అలాంటి మధ్యకాలాలన్నిటినీ విడివిడి దశలుగా వేయాలి. కట్టడం పైకి లేచేటప్పుడు స్ట్రట్లను తీసే దశలకూ ఇదే వర్తిస్తుంది.

ఇక ఫలితాల పక్కన చేతిలెక్క. ఉదాహరణకు పైన చెప్పిన బంకమట్టిలోనే 20 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల లోతున్న పొడవాటి గొయ్యిని తీసుకుని, పక్కన రోడ్డు బరువు చదరపు మీటరుకు 10 కిలోన్యూటన్లు అనుకుందాం. అడుగు పైకి తన్నుకొచ్చి కూలుతుందా అన్నది మొదటి ప్రశ్న. బ్యెరుమ్, ఐదె 1956లో ఇచ్చిన పద్ధతిలో అడుగు కిందున్న మట్టి బలాన్ని ఒక గుణకంతో హెచ్చించి, పక్కనున్న మట్టి బరువుతో భాగిస్తారు. ఈ కొలతలకు ఆ గుణకం సుమారు 5.6. కూలే మట్టి సగటున 19 మీటర్ల లోతున ఉంటుందనుకుంటే అక్కడ కొలిచిన బలం 24, మెథడ్ ఎ చెప్పే బలం 37.

```
పక్క బరువు      = 16 × 12 + 10 = 202
కొలిచిన బలంతో   = 5.6 × 24 / 202 ≈ 0.67
మెథడ్ ఎ బలంతో  = 5.6 × 37 / 202 ≈ 1.03
```

ఒకటికి పైన ఉంటే నిలుస్తుంది, కింద ఉంటే మట్టి తనంతట తాను నిలవదు. ఒకే గొయ్యి, ఒకే మట్టి. మెథడ్ ఎ ప్రకారం బొటాబొటిగానైనా నిలుస్తుంది. కొలిచిన బలం ప్రకారం మట్టి ఒక్కటే అయితే కూలుతుంది, కాబట్టి గోడను కిందున్న గట్టి పొరలోకి దింపడమో, అడుగున గ్రౌట్ పలక వేయడమో చేసి ఆ లోటును వాటితో పూడ్చాలి. అప్పుడు గోడ కింది భాగంలో వంపు బలం ఎంతో పెరుగుతుంది. ఈ చేతిలెక్క గోడ బలాన్ని లెక్కలోకి తీసుకోదు, కనుక ఫైనైట్ ఎలిమెంట్ ఫలితంతో అంకెకు అంకె కలవదు. కలవాల్సింది తీర్పు. చేతిలెక్క మట్టి నిలవదంటుంటే కంప్యూటర్‌లో గోడ హాయిగా కొద్దిగా వంగి ఆగిపోతే, గోడో పలకో ఆ భారాన్ని మోస్తున్నట్టు అందులో కనబడాలి. కనబడకపోతే మోడల్ మట్టికి బలం అరువిచ్చింది.

స్ట్రట్ల భారానికి పెక్ 1969లో కొలతల ఆధారంగా ఇచ్చిన ఒత్తిడి పటాలు ఇప్పటికీ పనికొస్తాయి. అడుగు కింద కూడా మెత్తటి మట్టే ఉన్న గొయ్యికి ఆ ఒత్తిడి, మట్టి బరువులోంచి గోడ పక్కనున్న సగటు బలానికి 1.6 రెట్లు తీసేసినంత. ఇక్కడ 192లోంచి సుమారు 12 పోతే 180కి దగ్గర. స్ట్రట్లు నిలువుగా 3 మీటర్లకు, అడ్డంగా 4 మీటర్లకు ఒకటి ఉంటే ఒక్కో స్ట్రట్ మీద పడేది 180 × 3 × 4, అంటే 2,160 కిలోన్యూటన్లు, దాదాపు 215 టన్నులు. పెక్ పటం సగటు కాదు, కొలిచిన భారాల పైహద్దు. పైగా అది వంగే షీట్ గోడలున్న గొయ్యిల నుంచి వచ్చింది. మందపాటి డయాఫ్రం గోడ భారాన్ని కింది స్ట్రట్ల మీదికి మళ్లిస్తుంది. కాబట్టి ఒక్కో స్ట్రట్‌ను విడిగా పోల్చేకంటే అన్ని స్ట్రట్ల మొత్తాన్ని పోల్చడం మేలు. ఆ మొత్తం పెక్ మొత్తంలో సగానికి పడిపోతే కారణం దొరికే దాకా వెతకాలి. చాలాసార్లు ఆ కారణం మళ్లీ మట్టి బలం దగ్గరే బయటపడుతుంది.

మోడల్‌లో స్ట్రట్ అంటే ఒక స్ప్రింగు. ఎంత నొక్కితే అంత బలం ఇస్తుంది, ఎప్పటికీ విరగదు. నిజంగా మాత్రం స్ట్రట్ కొన, గోడ వెంట అడ్డంగా సాగే వేలర్ అనే ఉక్కు దూలానికి ఆనుతుంది. ఆ ఆనే చోట దూలపు పలచని నడుము రేకు నలిగిపోకుండా బిగింపు పలకలు వేస్తారు. నికల్ హైవేలో ఆ పలకల బదులు కొన్ని చోట్ల సి ఆకారపు ఛానల్ ముక్కలు వేశారు. ఆ అతుకుల తట్టుకునే శక్తి అవసరమైనదాంట్లో దాదాపు సగమేనని విచారణలో తేలింది. కూలడం మొదలైంది అక్కడే. ఎంత నాణ్యమైన మట్టి మోడల్ వాడినా, ఎంత సన్నని మెష్ వేసినా ఈ లోపం తెర మీద కనబడదు. విశ్లేషణ ఇచ్చిన భారాన్ని తీసుకుని ప్రతి అతుకునూ ఉక్కు నియమాల ప్రకారం చేత్తో లెక్కించాలి. ఒక స్ట్రట్ హఠాత్తుగా పోతే పక్కవి ఆ భారం మోస్తాయా అన్న పరీక్షకు మోడల్‌లో ఆ స్ట్రట్‌ను తీసేసి మరోసారి నడపవచ్చు.

తవ్వకం మొదలయ్యాక గోడలో దింపిన ఇంక్లినోమీటర్ గొట్టం ప్రతి దశలో ఎంత వంగిందో చెబుతుంది. కూలేనాటికి నికల్ హైవేలో దక్షిణం గోడ 400 మిల్లీమీటర్లకు మించి లోపలికి వచ్చింది. అంతకు ముందే కొలతలు అంచనాలను దాటినప్పుడు, మోడల్‌లోని అంకెలను కొలతలకు సరిపోయేలా మార్చి, కొత్త హద్దులు పెట్టుకుని పని కొనసాగించారు. కొలత అంచనాను దాటినప్పుడు గట్టితనాన్ని తగ్గించి వక్రరేఖను కలపడం తేలిక. కానీ గట్టితనం తగ్గిస్తే కదలిక పెరుగుతుందే తప్ప మట్టి బలం తప్పన్న సంగతి బయటికి రాదు. కొలిచిన వంపును గోడ తట్టుకోగల వంపు బలంతో విడిగా పోల్చాలి. కొలిచిన స్ట్రట్ భారాల మొత్తాన్ని చేతిలెక్కతో పోల్చాలి. మట్టి బలం తప్పుగా ఉందన్న అనుమానాన్ని ముందు తీర్చుకుని, ఆ తర్వాతే గట్టితనం జోలికి వెళ్లాలి.